నియాసిన్ వేసుకుంటే ఒళ్ళంతా మంటలు: మామూలు గోళీనా, స్లో రిలీజా, నో ఫ్లష్ డబ్బానా, అసలు వద్దా?

విద్యానగర్‌లో మా మెడికల్ షాపుకి పదేళ్ళుగా వచ్చే ఒక అంకుల్ ఉన్నారు, 58 ఏళ్ళు, షుగర్ ఉంది, రోజూ రాత్రి కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ 10 ఎంజీ వేసుకుంటారు. మొన్న ఎండాకాలంలో ఒక సాయంత్రం వచ్చి, "అమ్మా, నిన్న నాకు హార్ట్ ఎటాక్ వచ్చిందనుకుని క్యాజువాలిటీకి పరిగెత్తినం, ఈసీజీ తీసిన్రు, ఏం లేదన్నరు, మరి ఒళ్ళంతా మిరపకాయ రుద్దినట్టు ఎందుకు మండిందమ్మా" అని అడిగారు. అడుగుతూ అడుగుతూ పోతే బయటపడింది, అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు మంచి కొలెస్ట్రాల్ పెరుగుతుందని నియాసిన్ 500 ఎంజీ డబ్బా తెచ్చిచ్చాడు, ఈయన మూడు వారాలుగా రాత్రి అన్నం తిన్నాక ఒకటి వేసుకుంటున్నారు. మధ్యలో పెళ్ళికని ఊరెళ్ళి నాలుగు రోజులు మానేశారు, తిరిగొచ్చాక ఆ రోజు సాయంత్రం ఖాళీ కడుపుతో గోళీ వేసుకుని వెంటనే పొగలు కక్కే ఇరానీ చాయ్ తాగారు.

ఆయన అడిగిన రెండో ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నా. "ఇందులో మంట రాని రకం ఉందట కదమ్మా, అది తెప్పించుకోనా?" ఇదే ప్రశ్న నన్ను ఇప్పటికి చాలామంది అడిగారు, ఆన్‌లైన్‌లో చూస్తే నాలుగైదు రకాల డబ్బాలు కనిపిస్తాయి, అన్నిటి మీదా నియాసిన్ అనో బీ3 అనో ఉంటుంది, కానీ లోపల ఉన్నవి ఒకటి కాదు.

ముందు దేన్ని చూసి ఎంచుకోవాలి

నా లెక్కలో నాలుగు ప్రశ్నలు. మొదటిది, స్టాటిన్ వేసుకుంటున్న మనిషికి దీన్ని కలిపితే హార్ట్ ఎటాకులు, పక్షవాతాలు నిజంగా తగ్గుతాయా? రిపోర్టులో అంకె మారడం వేరు, జబ్బు తగ్గడం వేరు, ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే ఈ మందు మీద ఇన్నేళ్ళు ఆశ పెట్టుకున్నారు. రెండోది లివర్, మూడోది షుగర్. మంటని నేను నాలుగోదిగా పెడతా, అందరూ దాన్నే మొదట అడుగుతారు కానీ, అది భయపెడుతుందే తప్ప మనిషికి అసలు హాని మిగతా చోట్ల జరుగుతుంది.

మంట ఎలా వస్తుంది

నియాసిన్ అంటే బీ3 విటమిన్‌లో ఒక రూపం, నికోటినిక్ యాసిడ్. విటమిన్‌గా ఒంటికి కావాల్సింది రోజుకి 14 నుంచి 16 ఎంజీ. కొలెస్ట్రాల్ కోసం వాడేది 1,000 నుంచి 3,000 ఎంజీ దాకా, అంటే వంద రెట్ల లెక్క, అక్కడికొచ్చేసరికి అది విటమిన్ కాదు, మందు. 1955లో కెనడాలో ఆల్ట్‌షుల్, హోఫర్, స్టీఫెన్ అనే ముగ్గురు ఇది కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని మొదటిసారి చూపించారు, స్టాటిన్లు రావడానికి ముప్పై ఏళ్ళ ముందు మాట అది.

ఈ నికోటినిక్ యాసిడ్ రక్తంలో ఒక్కసారిగా పెరిగితే చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాల మీద, పై పొర కణాల మీద ఉండే ఒక రిసెప్టార్‌ని పట్టుకుంటుంది. ఆ కణాలు ప్రోస్టాగ్లాండిన్ డీ2, ఈ2 అనే పదార్థాలు వదులుతాయి, అవి చర్మం కింది సన్న రక్తనాళాలని వెడల్పు చేస్తాయి, రక్తం పైకి తోసుకొస్తుంది, ముఖం, మెడ, ఛాతీ వేడెక్కి, సూదులతో పొడిచినట్టు, దురదగా ఉంటుంది. మామూలు గోళీ అయితే 15 నుంచి 30 నిమిషాల్లో మొదలై ఒక గంటలో దిగిపోతుంది. పుస్తకాల్లో ఎర్రగా అవుతుంది అని రాస్తారు, మన చర్మం రంగుకి ఆ ఎరుపు చాలాసార్లు బయటికి కనపడదు, అందుకే ఇంట్లోవాళ్ళకి ఏం జరుగుతోందో అర్థం కాక గుండె అనుకుంటారు. అంకుల్ విషయంలో అదే అయింది.

రోజూ వేసుకుంటే ఒకటి రెండు వారాల్లో ఒంటికి అలవాటై మంట తగ్గుతుంది, నాలుగు రోజులు మానేస్తే ఆ అలవాటు పోతుంది. ఖాళీ కడుపు, వేడి చాయ్, మద్యం తాగడం, వేడినీళ్ళ స్నానం, కారం, ఇవన్నీ మంటని పెంచుతాయి. అంకుల్ ఆ సాయంత్రం వీటిలో మూడు ఒకేసారి చేశారు, అలవాటు పోయింది, కడుపు ఖాళీ, పైన చాయ్.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, దద్దుర్లు లేచినా అది అలర్జీ అయి ఉండొచ్చు, కళ్ళు తిరిగి పడిపోతే బీపీ పడిపోయి ఉండొచ్చు. ఛాతీ లోపల బరువుగా ఉండి చెయ్యికో దవడకో పాకుతుంటే అది చర్మం మంట కాదు. వీటిల్లో ఏది వచ్చినా గంట ఆగి చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, ఆ రోజు అంకుల్ క్యాజువాలిటీకి వెళ్ళడం కూడా సరైన పనే.

ఇప్పుడు ఒక్కో రకం

*మామూలు గోళీ, అంటే వెంటనే కరిగేది.* మంట అన్నిటికన్నా ఎక్కువ దీంట్లోనే. 100 ఎంజీ దగ్గర మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచాలి, భోజనంతో వేసుకోవాలి, అరగంట ముందు ఆస్పిరిన్ 325 ఎంజీ వేసుకుంటే ప్రోస్టాగ్లాండిన్ తయారీ తగ్గి మంట చాలావరకు తగ్గుతుంది. కానీ కడుపులో పుండ్లు ఉన్నవాళ్ళకి, రక్తం పల్చబడే మందులు వేసుకునేవాళ్ళకి రోజూ ఆస్పిరిన్ అంటే ఒక ఇబ్బంది తప్పించడానికి ఇంకో ఇబ్బంది తెచ్చుకోవడం. లివర్ విషయంలో మాత్రం మిగతా నియాసిన్ల కన్నా ఇదే కొంచెం నయం, ఎందుకో కింద చెప్తా.

*స్లో రిలీజ్, టైమ్ రిలీజ్ అని అమ్మేవి.* మందు పది పన్నెండు గంటలు మెల్లగా ఊరుతుంది కాబట్టి రక్తంలో ఒక్కసారిగా ఎగబాకదు, మంట బాగా తక్కువ. ఇది విని చాలామంది ఇదే మంచిది అనుకుంటారు, కానీ నన్నడిగితే అన్నిటిలోకీ ప్రమాదం ఇదే. నియాసిన్‌ని లివర్ రెండు దారుల్లో ఖర్చు చేస్తుంది. ఒక దారిలో దానికి గ్లైసిన్ తగిలించి బయటికి పంపేస్తుంది, ఆ దారి వెడల్పు, ఎంత మందు వచ్చినా పడుతుంది, మంటకి సంబంధం ఉన్నది ఈ దారితో. రెండోది ఇరుకు దారి, అందులో నికోటినమైడ్, ఇంకా దాని నుంచి పుట్టేవి తయారవుతాయి, లివర్ దెబ్బతినడానికి సంబంధం దీంతో. మందు ఒక్కసారిగా వస్తే ఇరుకు దారి వెంటనే నిండిపోయి మిగతాదంతా వెడల్పు దారిలో పోతుంది, మంట వస్తుంది కానీ లివర్ బతికిపోతుంది. మెల్లగా వస్తే పొద్దస్తమానం ఇరుకు దారి గుండానే నడుస్తుంది. మంట తగ్గిన కొద్దీ భారం లివర్ మీదకి జరిగింది అన్నమాట.

ఇదేదో లెక్కల్లో మాట కాదు. 1994లో అమెరికాలో మెక్‌కెన్నీ బృందం 46 మందిని రెండు భాగాలు చేసి, సగం మందికి మామూలు గోళీ, సగం మందికి స్లో రిలీజ్ ఇచ్చి రోజుకి 500 నుంచి 3,000 ఎంజీ దాకా పెంచుతూ పోయారు. స్లో రిలీజ్ తీసుకున్న 23 మందిలో 12 మందికి లివర్ దెబ్బతిన్న గుర్తులొచ్చాయి, మామూలు గోళీ తీసుకున్నవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. అలాగని వాళ్ళేమీ సుఖంగా లేరు, 23 మందిలో 9 మంది వేరే ఇబ్బందులతో మధ్యలో మానేశారు. పోలిక చిన్నదే, కానీ మోతాదు సమానంగా పెట్టి రెండు రకాల్ని పక్కపక్కన చూసింది కాబట్టి నేను దీన్ని ఎప్పుడూ గుర్తుపెట్టుకుంటా. వికారం, ఆకలి లేకపోవడం, మూత్రం ముదురు రంగు, కళ్ళు పచ్చబడడం కనిపిస్తే గోళీ ఆపి వెంటనే లివర్ టెస్టు చేయించాలి.

*డాక్టర్ రాసే ఎక్స్‌టెండెడ్ రిలీజ్.* 1997లో అమెరికాలో నియాస్పాన్ పేరుతో అనుమతి వచ్చింది. మామూలు గోళీకీ స్లో రిలీజ్‌కీ మధ్యలో వేగంగా కరుగుతుంది, రాత్రి పడుకునే ముందు కొంచెం తిని వేసుకుంటే మంట నిద్రలో గడిచిపోతుంది అన్నది ఆలోచన. లివర్ విషయంలో స్లో రిలీజ్ అంత చెడ్డది కాదు. మంచి రాజీ అనే చెప్పాలి, అందుకే స్టాటిన్‌తో కలిపి చేసిన పెద్ద పరీక్షలు దీంతోనే జరిగాయి, వాటి సంగతి కాసేపట్లో.

*నో ఫ్లష్ డబ్బా.* అంకుల్ అడిగింది ఇదే. డబ్బా వెనక సన్న అక్షరాల్లో చూడండి, ఇనోసిటాల్ హెక్సానికోటినేట్ అని ఉంటుంది. ఇందులోంచి రక్తంలోకి నికోటినిక్ యాసిడ్ చాలా తక్కువ విడుదలవుతుంది, అందుకే మంట రాదు, అందుకే కొలెస్ట్రాల్ కూడా కదలదు. డబ్బులు పోవడం తప్ప జరిగేది పెద్దగా ఏం లేదు, కాకపోతే ఇది వేసుకుంటున్నా కదా అని స్టాటిన్ మానేసేవాళ్ళని చూశాను, అసలు నష్టం అక్కడ.

*నికోటినమైడ్.* ఇదీ బీ3నే, బీకాంప్లెక్స్ గోళీల్లో ఎక్కువగా ఉండేది ఇదే, మంట రాదు, కొలెస్ట్రాల్ మీద పని చేయదు. విటమిన్ లోపానికి మాత్రం బ్రహ్మాండంగా పని చేస్తుంది. మన దగ్గర ఒకప్పుడు జొన్నలే ప్రధానంగా తినేవాళ్ళలో పెల్లాగ్రా కనిపించేది, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్, శ్రీకంటియా 1960 ప్రాంతంలో దాని మీద పెద్ద పని చేశారు. ఆ జబ్బుకి కావాల్సింది ఎంజీల్లో, గ్రాముల్లో కాదు.

| రకం | మంట | లివర్ భయం | కొలెస్ట్రాల్ అంకెలు | స్టాటిన్ మీద కలిపితే గుండెకి లాభం |
|---|---|---|---|---|
| మామూలు గోళీ | బాగా ఎక్కువ | తక్కువ | మారతాయి | రుజువు లేదు |
| స్లో రిలీజ్ | తక్కువ | అన్నిటికన్నా ఎక్కువ | మారతాయి | రుజువు లేదు |
| ఎక్స్‌టెండెడ్ రిలీజ్ | మధ్యస్థం | మధ్యస్థం | మారతాయి | పరీక్షించారు, రాలేదు |
| నో ఫ్లష్ | దాదాపు లేదు | తక్కువ | దాదాపు మారవు | లేదు |
| నికోటినమైడ్ | లేదు | మామూలు మోతాదులో లేదు | మారవు | లేదు |

మరి మంట లేకుండా చేస్తే? అది కూడా చేసి చూశారు

చాలామంది నియాసిన్ మూలన పడింది మంట వల్లే అనుకుంటారు, కాదు. మంట వల్ల జనం మానేశారు నిజమే, కానీ డాక్టర్లు రాయడం మానేసింది వేరే కారణానికి.

స్టాటిన్లు లేని కాలంలో నియాసిన్‌కి మంచి పేరే ఉండేది. 1966లో మొదలైన కరోనరీ డ్రగ్ ప్రాజెక్టులో, అప్పటికే ఒకసారి హార్ట్ ఎటాక్ వచ్చిన మగవాళ్ళకి రోజుకి 3 గ్రాములు ఇస్తే రెండోసారి ప్రాణాపాయం కాని హార్ట్ ఎటాకులు తగ్గాయి, 15 ఏళ్ళ తర్వాత లెక్క తీస్తే మరణాలు కూడా 11 శాతం తక్కువ. దాన్ని ఇప్పటి మనిషికి వర్తింపజేయాలంటే ఒక చిక్కు, ఇప్పుడు అందరూ స్టాటిన్ మీద ఉన్నారు. అందుకని ఎయిమ్ హై అనే పరీక్ష పెట్టారు, 3,414 మంది, అందరికీ సింవాస్టాటిన్, సగం మందికి అదనంగా ఎక్స్‌టెండెడ్ రిలీజ్ నియాసిన్. ఎవరికి ఏది ఇచ్చారో మంటని బట్టి తెలిసిపోతుంది కదా, అందుకే ఉత్తుత్తి గోళీలో కూడా 50 ఎంజీ నియాసిన్ కలిపారు, వాళ్ళకీ కొంచెం మంట రావాలని. నియాసిన్ తీసుకున్నవాళ్ళలో హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్, 35 నుంచి 42కి పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు తగ్గింది, రిపోర్టు చూస్తే ముచ్చటేస్తుంది, కానీ హార్ట్ ఎటాకులు తగ్గలేదు, 2011లో మధ్యలోనే ఆపేశారు.

అయినా ఆశ పోలేదు, ఎందుకంటే ఇంకా పెద్దది నడుస్తోంది. మంటకి కారణమైన ప్రోస్టాగ్లాండిన్ డీ2 చర్మంలో అతుక్కునే చోటుని మూసేసే లారోపిప్రాంట్ అనే మందు తయారైంది, నియాసిన్ 2 గ్రాములు, లారోపిప్రాంట్ 40 ఎంజీ కలిపి, అందరికీ స్టాటిన్ ఇస్తూ, బ్రిటన్, స్కాండినేవియా, చైనాల్లో 25,673 మంది మీద హెచ్‌పీఎస్2 త్రైవ్ అనే పరీక్ష దాదాపు నాలుగేళ్ళు జరిగింది. ఫలితం చూస్తే గుండె, రక్తనాళాల పెద్ద సమస్యలు నియాసిన్ వైపు 13.2 శాతం, ఉత్తుత్తి గోళీ వైపు 13.7 శాతం. ఆ తేడాని లాభం అని చెప్పడానికి లేదు. నష్టం మాత్రం స్పష్టంగా కనపడింది, కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళు పెరిగారు, ఉన్న షుగర్ అదుపు తప్పడం పెరిగింది, కడుపు సమస్యలు, కండరాల సమస్యలు, ఇన్ఫెక్షన్లు, రక్తస్రావాలు కూడా పెరిగాయి. 2013 జనవరిలో ట్రెడాప్టివ్ అనే ఆ జోడీ గోళీని కంపెనీ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది, 2016లో అమెరికా ఎఫ్‌డీఏ స్టాటిన్‌తో కలిపి నియాసిన్ వాడొచ్చన్న అనుమతిని తీసేసింది.

లారోపిప్రాంట్ కూడా వాడారు కాబట్టి కొన్ని నష్టాలు దానివేమో అని అడిగేవాళ్ళున్నారు, న్యాయమైన ప్రశ్నే, కానీ ఎయిమ్ హైలో లారోపిప్రాంట్ లేదు, అక్కడా లాభం రాలేదు. హెచ్‌డీఎల్ అంకె పెంచితే గుండె బాగుపడుతుందన్న నమ్మకమే నిలబడలేదు, నియాసిన్ ఒక్కటే కాదు, హెచ్‌డీఎల్ పెంచడానికి చేసిన టార్సెట్రాపిబ్ అనే ఇంకో మందు 2006లో మరణాలు పెరిగాయని ఆపేశారు.

మీరు ఏ రకం మనిషి అన్నదాన్ని బట్టి

స్టాటిన్ వేసుకుంటున్నా ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, ఇంకా ఎక్కువే అంటే, నియాసిన్ దాకా పోనక్కర్లేదు, స్టాటిన్ మోతాదు పెంచడం, అది చాలకపోతే ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ గోళీ 10 ఎంజీ కలపడం. ఎజెటిమైబ్‌కి ఇంప్రూవ్ ఇట్ అనే 18,144 మంది పరీక్ష ఉంది, ఏడేళ్ళలో సమస్యలు 34.7 శాతం నుంచి 32.7కి తగ్గాయి. తగ్గింది కొంచెమే, కానీ అది నిజంగా జబ్బు తగ్గడం, పైగా మంట లేదు, షుగర్ పెరగదు. నియాసిన్ ఇంతమందిలో ఆ కొంచెం కూడా చూపించలేకపోయింది.

స్టాటిన్ అసలు పడనివాళ్ళకి ఎజెటిమైబ్, బెంపెడోయిక్ యాసిడ్ ఉన్నాయి, రెండోదానికి 2023లో స్టాటిన్ పడనివాళ్ళ మీదే చేసిన పెద్ద పరీక్షలో 13 శాతం లాభం కనపడింది, యూరిక్ యాసిడ్ పెంచుతుంది కాబట్టి గౌట్ అనే కీళ్ళ వాపు జబ్బు ఉంటే డాక్టర్‌కి చెప్పాలి. ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, బాగా పనిచేస్తాయి, ఖర్చు ఎక్కువ.

ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే పాంక్రియాస్ వాపు భయం ఉంటుంది, అప్పుడు ఫెనోఫైబ్రేట్ లాంటివి, మద్యం, స్వీట్లు, తెల్లన్నం తగ్గించడం, షుగర్ అదుపులోకి తేవడం. నియాసిన్ కూడా ట్రైగ్లిజరైడ్లు తగ్గిస్తుంది, కానీ ట్రైగ్లిజరైడ్లు పెరిగినవాళ్ళలో చాలామందికి షుగర్ ఉంటుంది, ఇదేమో ఆ షుగర్‌ని పెంచుతుంది.

ఎల్‌డీఎల్ లాంటిదే, వంశంలో వచ్చే లైపోప్రోటీన్ ఏ ఎక్కువున్నవాళ్ళు నియాసిన్ గురించి ఎక్కువ అడుగుతారు, ఎందుకంటే దాన్ని తగ్గించే పాత గోళీల్లో ఇది ఒకటి, ఇరవై శాతం పైచిలుకు తగ్గిస్తుంది. వాళ్ళ ఆత్రం నాకు అర్థమవుతుంది, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటుతో పోయినవాళ్ళుంటే మనిషి ఊరికే కూర్చోలేడు. కానీ ఎయిమ్ హైలో ఆ అంకె తగ్గినా సమస్యలు తగ్గలేదు, కాబట్టి ఎల్‌డీఎల్‌ని వీలైనంత కిందికి దించుకోవడమే ఇప్పుడు చేతిలో ఉన్న పని.

ఎప్పటినుంచో డాక్టర్ రాసిన నియాసిన్ వాడుతూ బాగానే ఉన్నవాళ్ళు ఇది చదివి సొంతంగా ఏదీ మార్చకండి, వచ్చే చెకప్‌లో లివర్ టెస్టు, షుగర్, యూరిక్ యాసిడ్ చూపించి ఇంకా అవసరమా అని అడగండి. ఒక బ్రాండు నుంచి ఇంకోదానికి మాత్రం అసలు మారొద్దు, 2,000 ఎంజీ మామూలు గోళీ, 2,000 ఎంజీ స్లో రిలీజ్ ఒకటి కాదు, ఇందాక చెప్పిన రెండు దారుల వల్ల.

అంకుల్ విషయం ఏమైంది

ఆయన రిపోర్టు తెప్పించి చూశాం. మొత్తం కొలెస్ట్రాల్ 206, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 210, ఎల్‌డీఎల్ 130. రిపోర్టులో 34 పక్కన ఎర్ర గుర్తు ఉంది, ఇంట్లో అందరి కళ్ళూ దాని మీదే పడ్డాయి, షుగర్ ఉన్న మనిషికి 130 ఎల్‌డీఎల్ ఎక్కువన్నది ఎవరూ పట్టించుకోలేదు. మూడు వారాల ముందు పరగడుపు షుగర్ 118, ఇప్పుడు 141. నియాసిన్ ఒక్కదాని వల్లే అని నేను చెప్పలేను, పెళ్ళి భోజనాలు కూడా ఉన్నాయి, కానీ నియాసిన్ షుగర్ పెంచే వైపే తోస్తుంది కాబట్టి డబ్బా తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నా. డాక్టర్ గారు నియాసిన్ ఆపేసి, అటోర్వాస్టాటిన్ 10ని 40 చేశారు. రెండు నెలలకి ఎల్‌డీఎల్ 104, అప్పుడు ఎజెటిమైబ్ కలిపారు, ఇంకో రెండు నెలలకి 83. పరగడుపు షుగర్ 120 దగ్గరికి దిగింది. హెచ్‌డీఎల్ 35, అంటే కదల్లేదు, డాక్టర్ గారు దాని గురించి ఏ గోళీ రాయలేదు, సాయంత్రం నడవమన్నారు.

పోయిన వారం మందులకి వచ్చినప్పుడు అంకుల్ ఆ డబ్బా మళ్ళీ తెచ్చారు, "సగానికి పైగా మిగిలిందమ్మా, పారేయబుద్ధి కాదు, మా బామ్మర్దికియ్యనా, ఆయనకీ కొలెస్ట్రాలే" అన్నారు. బామ్మర్దికి ఇంకేం మందులున్నాయి అని అడిగా. కాలి బొటనవేలు వాపుకని ఫెబుక్సోస్టాట్ వేసుకుంటారట. అంటే గౌట్, నియాసిన్ యూరిక్ యాసిడ్ కూడా పెంచుతుంది. డబ్బా నా దగ్గరే వదిలేసి వెళ్ళమన్నా.